25 శాతం తక్కువ సమయం అంటే ఎంత వేగం?

2014 గేట్ కంప్యూటర్ సైన్స్ పరీక్షలో ఒక చిన్న లెక్క ఇచ్చారు. పీ1, పీ2 అని రెండు ప్రాసెసర్లు. రెండింటిదీ ఒకే ఇన్‌స్ట్రక్షన్ సెట్. ఒకే ప్రోగ్రామును, ఒకే ఇన్‌పుట్‌తో, ఒకే పరిస్థితుల్లో రెండింటి మీదా నడిపితే పీ1 కంటే పీ2 25 శాతం తక్కువ సమయంలో పని ముగిస్తుంది. అయితే పీ2 సీపీఐ 20 శాతం ఎక్కువ. పీ1 క్లాక్ 1 గిగాహెర్ట్జ్ అయితే పీ2 క్లాక్ ఎంత? కింద నాలుగు ఆప్షన్లేమీ ఉండవు. ఖాళీలో సంఖ్య వేయాలి, అంతే.

జవాబు 1.6 గిగాహెర్ట్జ్. కాగితం మీద రెండు వరుసల పని. కానీ ఈ లెక్క చేసేవాళ్ల కలం నుంచి 1.5 కూడా వస్తుంది, 1.45 కూడా వస్తుంది, 0.9 కూడా వస్తుంది. ఆ మూడు తప్పుల వెనుకా మూడు వేర్వేరు ఆలోచనలున్నాయి. వాటిని విప్పి చూస్తే ప్రాసెసర్ వేగం అనే మాటకు అసలు అర్థమేమిటో కూడా తేలిపోతుంది. బీటెక్ రెండో ఏడాదిలో కంప్యూటర్ ఆర్గనైజేషన్ చదివే విద్యార్థికే కాదు, దుకాణంలో రెండు ల్యాప్‌టాప్‌ల ముందు నిలబడి గిగాహెర్ట్జ్ అంకెలు చూసే ఎవరికైనా ఇది పనికొచ్చే సంగతి.

ప్రాసెసర్ చేసే పనంతా చిన్న చిన్న ఆదేశాల వరుస. రెండు సంఖ్యలు కూడు, మెమరీ నుంచి ఒక విలువ తీసుకురా, ఈ షరతు నిజమైతే ఫలానా చోటికి వెళ్లు. వీటినే ఇన్‌స్ట్రక్షన్లు అంటారు. ఒక ప్రోగ్రాము మొదలై ముగిసేలోపు ప్రాసెసర్ ఇలాంటివి ఎన్ని అమలు చేసిందో ఆ మొత్తమే ఇన్‌స్ట్రక్షన్ కౌంట్. ప్రోగ్రాములో రాసి ఉన్న వరుసల సంఖ్య కాదది. పది వరుసల లూపు లక్షసార్లు తిరిగితే పది లక్షలుగానే లెక్కపెట్టాలి.

ప్రాసెసర్ లోపల ఒక క్లాక్ కొట్టుకుంటూ ఉంటుంది. 1 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 100 కోట్ల సైకిళ్లు, అంటే ఒక్కో సైకిల్‌కు ఒక నానోసెకను. ఒక ఇన్‌స్ట్రక్షన్‌కు సగటున ఎన్ని సైకిళ్లు ఖర్చవుతాయో చెప్పేది సీపీఐ. ఈ మూడూ చేతిలో ఉంటే సమయం తేల్చడం కూడిక తీసివేతలంత తేలిక. ఇన్‌స్ట్రక్షన్ల సంఖ్యను సీపీఐతో గుణిస్తే మొత్తం సైకిళ్లు వస్తాయి. సెకనుకు ఎన్ని సైకిళ్లో దానితో భాగిస్తే సెకన్లు వస్తాయి.

```
సీపీయూ సమయం = ఇన్‌స్ట్రక్షన్ కౌంట్ × సీపీఐ ÷ క్లాక్ రేటు
```

ఒక్కోసారి ప్రశ్నలో క్లాక్ రేటు బదులు ఒక సైకిల్ సమయాన్ని నానోసెకన్లలో ఇస్తారు. అప్పుడు భాగించకూడదు, గుణించాలి. యూనిట్లు పక్కన రాసుకుంటూ పోతే ఇక్కడ పొరపాటు జరగదు. ఇన్‌స్ట్రక్షన్లు, సైకిళ్లు ఒకదానికొకటి కొట్టుకుపోయి చివరికి సెకన్లు ఒక్కటే మిగలాలి. అలా మిగలలేదంటే ఎక్కడో తలకిందులైందని అర్థం.

ఇప్పుడు గేట్ లెక్కకు తిరిగి వద్దాం. ప్రశ్నలో ఇన్‌స్ట్రక్షన్ల సంఖ్య ఇవ్వలేదు. ఇవ్వనక్కర లేదు కూడా. ఇన్‌స్ట్రక్షన్ సెట్ ఒకటే, ప్రోగ్రాము ఒకటే, ఇన్‌పుట్ ఒకటే కాబట్టి రెండు ప్రాసెసర్లూ అన్నే ఇన్‌స్ట్రక్షన్లు అమలు చేస్తాయి. ఆ సంఖ్య ఎంతైనా సరే రెండు వైపులా కొట్టుకుపోతుంది. కనుక సౌకర్యం కోసం 100 కోట్లు అనుకుందాం. పీ1 సీపీఐ 1 అనుకుందాం. 100 కోట్ల సైకిళ్లు, సెకనుకు 100 కోట్లు, కాబట్టి పీ1కు సరిగ్గా 1 సెకను పడుతుంది. పీ2 సీపీఐ 1.2, అంటే దానికి 120 కోట్ల సైకిళ్లు కావాలి. వాటిని 0.75 సెకనులో ముగించాలి. 120 కోట్లను 0.75తో భాగిస్తే సెకనుకు 160 కోట్లు. అదే 1.6 గిగాహెర్ట్జ్.

మరి 1.5 ఎలా వస్తుంది? 25 శాతం తక్కువ సమయం అన్న మాటను 25 శాతం ఎక్కువ వేగం అని చదివినందువల్ల. అలా చదివితే 1.2ను 1.25తో గుణిస్తారు, 1.5 వస్తుంది. ఈ రెండు మాటలూ ఒకేలా వినిపిస్తాయి, కానీ ఒకటి కాదు. సమయం 1 నుంచి 0.75కు తగ్గితే వేగం 1ని 0.75తో భాగించినంత, అంటే 1.33 రెట్లు అవుతుంది. 25 శాతం తక్కువ సమయం అంటే 33 శాతం ఎక్కువ వేగమన్నమాట. తిరగేసి చూసినా అంతే. 25 శాతం ఎక్కువ వేగమంటే సమయం 0.8కి దిగుతుంది, తగ్గేది 20 శాతమే. తేడా పెద్దదయ్యే కొద్దీ ఈ రెండింటి మధ్య దూరం విపరీతంగా పెరుగుతుంది. సమయం 50 శాతం తగ్గితే వేగం రెండింతలు, 90 శాతం తగ్గితే పదింతలు.

1.45 అనే జవాబు 20 శాతాన్నీ 25 శాతాన్నీ కూడేసినందువల్ల వస్తుంది. ఈ సమీకరణంలో మూడు అంశాలూ గుణకార భాగహారాలతో ముడిపడి ఉన్నాయి కాబట్టి శాతాలను కూడడానికి ఇక్కడ చోటే లేదు. 0.9 వచ్చిందంటే భాగించాల్సిన 0.75తో గుణించారని అర్థం.

ఇలాంటి లెక్కల్లో జవాబును వెనక్కి పెట్టి చూడటం ఎంత అవసరమో ఈ మూడు తప్పులూ చూపిస్తాయి. 1.5 గిగాహెర్ట్జ్ అనుకుంటే 120 కోట్ల సైకిళ్లకు 0.8 సెకను పడుతుంది, ప్రశ్న అడిగింది 0.75. 1.45 అయితే 0.83 సెకను దాకా వెళ్తుంది. 0.9 అయితే ఏకంగా 1.33 సెకన్లు, అంటే వేగంగా ఉండాల్సిన పీ2 నెమ్మదించింది. అర నిమిషం పట్టని ఈ పరీక్ష మూడు తప్పులనూ అక్కడికక్కడే పట్టిస్తుంది.

పీ1, పీ2 లెక్కలో సీపీఐని నేరుగా ఇచ్చారు. అసలు చిక్కు దాన్ని మనమే కట్టాల్సి వచ్చినప్పుడు మొదలవుతుంది. అన్ని ఇన్‌స్ట్రక్షన్లకూ ఒకే ఖర్చు ఉండదు. కూడిక ఒక సైకిల్‌లో అయిపోవచ్చు. మెమరీ నుంచి విలువ తేవడానికి ఇంకొన్ని పడతాయి. దారి మళ్లించే బ్రాంచ్ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ప్రాసెసర్ తప్పు ఊహించి ముందుకెళ్తే, చేసిన పని పారేసి వెనక్కి రావాలి.

పరీక్షల్లో వచ్చే తరహాలోనే ఒక లెక్క కట్టుకుందాం. ఎక్స్ ప్రాసెసర్ క్లాక్ 2 గిగాహెర్ట్జ్, వై క్లాక్ 3 గిగాహెర్ట్జ్. ఇన్‌స్ట్రక్షన్ సెట్ ఒకటే. ఒక ప్రోగ్రాములో 100 కోట్ల ఇన్‌స్ట్రక్షన్లున్నాయి. వాటిలో 50 శాతం అంకగణితం, 30 శాతం మెమరీ పనులు, 20 శాతం బ్రాంచ్‌లు. ఎక్స్‌లో ఈ మూడు రకాలకూ వరుసగా 1, 2, 2 సైకిళ్లు పడతాయి. వైలో 1, 3, 4 పడతాయి. ఏది వేగమైనది?

చాలామంది చెయ్యి మొదట వెళ్లేది మూడు సంఖ్యల సగటు మీదికి. ఎక్స్‌కు 1, 2, 2 కలిపి మూడుతో భాగిస్తే 1.67. వైకి 1, 3, 4 కలిపి మూడుతో భాగిస్తే 2.67. వీటితో సమయం కడితే ఎక్స్‌కు 0.83 సెకను, వైకి 0.89 సెకను. ఎక్స్ గెలిచిందని రాసేస్తారు.

అది తప్పు. మూడు రకాల ఇన్‌స్ట్రక్షన్లూ సమానంగా లేవు, సగం అంకగణితమే. ఒక్కో రకం ఖర్చును దాని వాటాతో గుణించి కూడాలి. ఎక్స్‌కు 0.5, 0.6, 0.4 కలిపి సీపీఐ 1.5. వైకి 0.5, 0.9, 0.8 కలిపి 2.2. ఇప్పుడు ఎక్స్‌కు 150 కోట్ల సైకిళ్లు, సెకనుకు 200 కోట్ల చొప్పున 0.75 సెకను. వైకి 220 కోట్ల సైకిళ్లు, సెకనుకు 300 కోట్ల చొప్పున 0.733 సెకను. గెలిచింది వై. సాదా సగటు తీస్తే జవాబు కొద్దిగా తప్పడం కాదు, గెలుపోటములే తారుమారయ్యాయి.

ఇంకో సంగతి కూడా గమనించాలి. వై క్లాక్ ఎక్స్ కంటే 50 శాతం ఎక్కువ. దక్కిన లాభం మాత్రం 2.3 శాతం. మిగిలిందంతా పెరిగిన సీపీఐ మింగేసింది.

ఇదే రెండు ప్రాసెసర్ల మీద ఇంకో ప్రోగ్రామును నడిపి చూద్దాం. అందులో 40 శాతం అంకగణితం, 30 శాతం మెమరీ పనులు, 30 శాతం బ్రాంచ్‌లు. ఇన్‌స్ట్రక్షన్ల మొత్తం అంతే. ఎక్స్ సీపీఐ 1.6, సమయం 0.8 సెకను. వై సీపీఐ 2.5, సమయం 0.833 సెకను. ఈసారి ఎక్స్ గెలిచింది. చిప్పులు మారలేదు, క్లాక్‌లు మారలేదు, బ్రాంచ్‌ల వాటా పది శాతం పెరిగింది, అంతే. సీపీఐని ప్రాసెసర్ గుణంగా మాత్రమే భావించేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. అది ప్రాసెసర్‌కూ ప్రోగ్రాముకూ కలిపి ఉండే గుణం. ఏ ప్రోగ్రామో చెప్పకుండా ఫలానా చిప్పు సీపీఐ ఇంత అంటే ఆ అంకె సగమే చెప్పినట్టు.

ఎక్స్, వై లెక్క కాగితం మీద కల్పించుకున్నదే అయినా, అలాంటి పోటీ మార్కెట్‌లో నిజంగానే జరిగింది. 2000 నవంబరులో ఇంటెల్ పెంటియం 4ను 1.4, 1.5 గిగాహెర్ట్జ్ క్లాక్‌లతో విడుదల చేసింది. అప్పటికే 1 గిగాహెర్ట్జ్ పెంటియం 3 అందుబాటులో ఉంది. క్లాక్ సగం ఎక్కువైనా కొన్ని ప్రోగ్రాముల్లో కొత్త చిప్పు పాతదాని కంటే వెనకబడింది. క్లాక్ పెంచడం కోసం పెంటియం 4 పైప్‌లైన్‌ను 20 దశలుగా విడగొట్టారు. ఒక్కో దశలో పని తక్కువ కాబట్టి సైకిల్ పొట్టిదవుతుంది, క్లాక్ పెరుగుతుంది. కానీ బ్రాంచ్ దగ్గర ఊహ తప్పినప్పుడు పారేయాల్సిన పని కూడా అంత పొడవూ పేరుకుని ఉంటుంది. క్లాక్‌తో పాటే సీపీఐ పెరిగింది. 2004లో వచ్చిన ప్రెస్కాట్ రకంలో దశలు 31కి చేరాయి. అదే ఏడాది అక్టోబరులో 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 ఆలోచనను ఇంటెల్ విరమించుకుంది. చిప్పు కాలే వేడి, తాగే కరెంటు కూడా ఆ పరుగుకు అడ్డుపడ్డాయి. పోటీదారు ఏఎమ్‌డీ 2001లో అథ్లాన్ ఎక్స్‌పీ చిప్పులకు క్లాక్ అంకెతో పేరు పెట్టడమే మానేసింది. 1.53 గిగాహెర్ట్జ్ చిప్పును 1800+ పేరుతో అమ్మింది. కొనేవాళ్లు గిగాహెర్ట్జ్‌నే వేగమనుకుంటున్న రోజుల్లో ఆ సంస్థకు వేరే దారి కనపడలేదు.

ఇంతవరకూ మూడు అంశాల్లో ఒకటి, ఇన్‌స్ట్రక్షన్ కౌంట్, కదలకుండా ఉంది. ఇన్‌స్ట్రక్షన్ సెట్లే వేరైతే అదీ కదులుతుంది. అప్పుడు పోలిక మరింత జాగ్రత్తగా చేయాలి. ఇసుక కుప్పను గంపలతో మోస్తున్నప్పుడు పెద్ద గంప అయితే తక్కువ విడతలు పడతాయి, కానీ ఒక్కో విడత బరువుగా నెమ్మదిగా సాగుతుంది. చిన్న గంప అయితే విడతలు ఎక్కువ, నడక చురుకు. ఏది ముందు ముగుస్తుందో కొలిస్తేగానీ తెలియదు.

ప్రాసెసర్ల విషయంలో దాన్ని నిజంగానే కొలిచారు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ యంత్రాలైన వ్యాక్స్‌లలో ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ చాలా పని చేస్తుంది. మిప్స్ సంస్థ ప్రాసెసర్లలో ఇన్‌స్ట్రక్షన్లు చిన్నవి, సరళమైనవి. దిలీప్ భండార్కర్, డగ్లస్ క్లార్క్ 1991లో వ్యాక్స్ 8700నూ మిప్స్ ఎమ్/2000నూ పక్కపక్కన పెట్టి లెక్కగట్టారు. ఇద్దరూ డిజిటల్‌కు చెందినవాళ్లే, అంటే తమ సొంత సంస్థ యంత్రాన్నే పరీక్షకు నిలబెట్టారు. లోపలి నిర్మాణం ఇంచుమించు ఒకే తరహాలో ఉన్న యంత్రాలను ఎంచుకోవడం ఆ అధ్యయనంలోని తెలివి. ఒకే ప్రోగ్రాములకు మిప్స్ సుమారు రెండింతల ఇన్‌స్ట్రక్షన్లు అమలు చేసింది. వ్యాక్స్ సీపీఐ మాత్రం మిప్స్ సీపీఐకి దాదాపు ఆరింతలుంది. ఇన్‌స్ట్రక్షన్లలో మిప్స్ రెండింతలు నష్టపోయి, సీపీఐలో ఆరింతలు లాభపడింది. ఆరును రెండుతో భాగిస్తే మూడు. క్లాక్ తేడాను పక్కన పెట్టి చూసినా మిప్స్ దాదాపు మూడింతలు ముందుంది. ప్రోగ్రాములన్నిటి మీదా సగటున తేలిన అంకె 2.7.

ఇదే వ్యాక్స్ కుటుంబంలో ఇంకో కథ ఉంది. 1977లో వచ్చిన వ్యాక్స్-11/780కి సెకనుకు పది లక్షల ఇన్‌స్ట్రక్షన్లు నడిపే యంత్రమని పేరు. ఐబీఎం 370/158 యంత్రంతో పనిలో ఇంచుమించు సమానంగా తూగడంతో దానికి ఆ పేరు వచ్చింది. 1984లో జోయెల్ ఎమర్, డగ్లస్ క్లార్క్ దానికి కొలిచే పరికరం తగిలించి చూస్తే ఒక ఇన్‌స్ట్రక్షన్‌కు సగటున 10.6 సైకిళ్లు పడుతున్నాయని తేలింది. సైకిల్ సమయం 200 నానోసెకన్లు, అంటే సెకనుకు 50 లక్షల సైకిళ్లు. 50 లక్షలను 10.6తో భాగిస్తే సెకనుకు సుమారు 4 లక్షల 70 వేల ఇన్‌స్ట్రక్షన్లు. పేరులో ఉన్నదానికి సగం కూడా లేదు. అలాగని యంత్రం మోసం చేసిందా అంటే లేదు. దాని ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ ఎక్కువ పని చేస్తుంది కాబట్టి తక్కువ ఇన్‌స్ట్రక్షన్లతోనే పని ముగించింది. సెకనుకు ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు అనే కొలతలో క్లాక్, సీపీఐ ఉన్నాయి గానీ ఇన్‌స్ట్రక్షన్ కౌంట్ లేదు. వేర్వేరు ఇన్‌స్ట్రక్షన్ సెట్లున్న యంత్రాలను ఆ అంకెతో పోల్చమని పరీక్షలో అడిగితే, పోల్చకూడదన్నదే సరైన జవాబు.

ఈ సమీకరణానికి ఒక హద్దుంది. అది లెక్కగట్టేది ప్రాసెసర్ పని చేసిన సమయాన్ని మాత్రమే. డిస్క్ నుంచి ఫైల్ రావాలని, నెట్‌వర్క్ నుంచి జవాబు రావాలని ఎదురుచూసిన సమయం అందులో ఉండదు. పెద్ద ఫైళ్లు కాపీ చేసే పనికి క్లాక్ రెండింతలు చేసినా గడియారం మీద తేడా పెద్దగా కనపడదు. ఇప్పటి చిప్పులు వేడిని బట్టి, పని భారాన్ని బట్టి క్లాక్‌ను క్షణక్షణం మార్చుకుంటాయి కూడా. పెట్టె మీద రాసిన గిగాహెర్ట్జ్‌ను సమీకరణంలో వేస్తే లెక్క కలవకపోవడానికి అదీ ఒక కారణం.

కలిసే అంకెలు కావాలంటే యంత్రాన్నే అడగవచ్చు. లైనక్స్ ఉన్న కంప్యూటర్‌లో పెర్ఫ్ అనే సాధనం ప్రాసెసర్ లోపలి కౌంటర్లను చదివి చెబుతుంది.

```
perf stat -e cycles,instructions ./program
```

ప్రోగ్రాము ముగిశాక సైకిళ్లు ఎన్ని, ఇన్‌స్ట్రక్షన్లు ఎన్ని, ఎన్ని సెకన్లు పట్టిందో తెర మీద వస్తాయి. సైకిళ్లను ఇన్‌స్ట్రక్షన్లతో భాగిస్తే సీపీఐ. తెర మీద `insn per cycle` అని కనిపించేది దానికి తలకిందుల విలువ, కాబట్టి ఒకటికి మించిన అంకె వస్తే సీపీఐ ఒకటి కంటే తక్కువని అర్థం. ఇప్పటి ప్రాసెసర్లు ఒకే సైకిల్‌లో కొన్ని ఇన్‌స్ట్రక్షన్లను కలిపి ముగించగలవు కాబట్టి అందులో వింతేమీ లేదు. ఒకే రకం ఇన్‌స్ట్రక్షన్ సెట్ ఉన్న రెండు కంప్యూటర్లలో అదే ప్రోగ్రాము ఫైలును, అదే ఇన్‌పుట్‌తో నడపండి. ఇన్‌స్ట్రక్షన్ల సంఖ్య దాదాపు కదలదు, సైకిళ్లూ సెకన్లూ కదులుతాయి. తర్వాత దాన్నే ఏఆర్ఎం ప్రాసెసర్ ఉన్న బోర్డు మీద కంపైల్ చేసి నడిపితే మూడు అంకెలూ కదులుతాయి. ఈ లెక్కలు నేర్చుకుంటున్న విద్యార్థులు ఒక్కసారైనా ఇలా కొలిచి, వచ్చిన మూడు అంకెలనూ సమీకరణంలో వేసి సమయం సరిపోయిందో లేదో చూసుకోవాలి.